అందులో ఉండేది ఎవురి అవ్వ?

నేను కోయంబత్తూరులో ముప్పై ఏండ్లకు పైగా రింగ్ ఫ్రేములో సైడరుగా పని చేసి ఇంట్లో కూచున్నవాణ్ణి. చదువు అయిదో తరగతి దాకానే. తెలుగు వాత్తియారు నేర్పిన అక్షరాలు ఇంకా చేతిలో ఉండాయి కాబట్టి రాస్తా ఉండాను. తప్పులుంటే దిద్దుకొని చదవండి.

పోయిన ఏడాది జనవరి 1వ తేదీ పొద్దున్నే మా చిన్నమ్మాయి తిరుప్పూరు నుంచి మా అమ్మకు పుట్టినరోజు స్టేటస్ పెట్టింది. గులాబీ పూల బొమ్మ, నడుమ మా అమ్మ ఫోటో, కింద నాలుగు వరసలు. అమ్మ అంటే దేవత, అవ్వ ప్రేమకు సాటి లేదు, నువ్వు నూరేండ్లు చల్లగా ఉండాల, ఇట్లా. అమ్మాయి మనసు మంచిదే. మా అమ్మకు కండ్లు సరిగా ఆనవు కాబట్టి నేను ఫోను దగ్గర పెట్టుకొని చదివి వినిపించినాను. మా అమ్మ అంతా విని, "బాగుండాది నాయనా. అందులో ఉండేది ఎవురి అవ్వ?" అనింది.

నేను నవ్వినాను. "నీ గురించే గదమ్మా, ఫోటో చూడు" అంటే, "ఫోటో నాదే. మాటలు నావి కాదే. పక్క లైను అవ్వ ఫోటో పెట్టినా సరిపోతాది గదా" అనింది. కొంచెం సేపు ఆగి ఇంకో మాట కూడా అనింది. "నేను మార్గళి నెలలో పుట్టలేదురా. నేను ఆడి నెల బిడ్డను."

ఈ రెండు మాటలే నన్ను ఏడు నెలలు పని చేయించినాయి. అమ్మకు పుట్టినరోజు మాటలు రాయాలంటే, ఆ మాటలు ఇంకొక అమ్మకు సరిపోకూడదు. అది మొదటిది. అసలు ఆ రోజు ఆమె పుట్టినరోజేనా అని చూసుకోవాల. అది రెండోది. రెండోదాంతోనే మొదలు పెడతాను, ఎందుకంటే మన ఇండ్లలో చాలామంది పెద్దోళ్లకు ఇదే కష్టం.

జనవరి 1 ఎక్కడినుంచి వచ్చింది? మా అమ్మ ఆధార్ కార్డు నుంచి. ఆధార్ కు ఎక్కడినుంచి వచ్చింది? మిల్లు కాగితం నుంచి. అందులో ఏడాది ఒకటే ఉండింది, 1937 అని. నెల, తేదీ లేకపోతే జనవరి 1 అని వేసేసినారు. మరి మిల్లు కాగితానికి 1937 ఎట్లా వచ్చిందంటే, 1967లో మా అమ్మ పనికి చేరేటప్పుడు బర్త్ సర్టిఫికెట్ లేదు. మిల్లు డాక్టరు నోరు తెరవమని పండ్లు చూసి, మనిషిని పైనుంచి కిందికి చూసి, ముప్పై అని రాసుకున్నాడట. అప్పుడే ముగ్గురు బిడ్డల్ని కని, చిక్కిపోయి ఉన్న మనిషి. ముప్పై లాగానే కనిపించి ఉంటాది.

నిజం తేదీ ఎట్లా కనుక్కుంటిమో చెప్తాను, మీకూ పనికొస్తాది.

మా అమ్మ పుట్టింది మదురైలో. తాత హార్వీ మిల్లు కూలి. మా అవ్వ, అంటే అమ్మను కన్న తల్లి, ఎప్పుడూ ఒక మాట చెప్పేది: "మీనాక్షమ్మ గుడి అందరికీ తెరిచినప్పుడు నువ్వు నా కడుపులో ఉండావు. నిండు నెలలు. గుంపులోకి పోవద్దని మీ నాయన తిట్టినాడు. ఆ వచ్చే పదునెట్టుకు ముందు రోజు పుట్టినావు." ఈ మాట మా అమ్మకు పాఠం మాదిరి వచ్చు. మాకు కూడా చిన్నప్పటినుంచి చెవిలో పడినదే. అయితే అందులో ఒక తేదీ దాగి ఉండాదని ఎవురికీ తోచలేదు.

మదురై మీనాక్షి గుడిలోకి, అంతదాకా లోపలికి రానీయని జనాన్ని వైద్యనాథయ్యరు పిలుచుకొని పోయింది 1939 జూలై 8వ తేదీ. ఇది అందరికీ తెలిసిన చరిత్ర. పదునెట్టు అంటే ఆడి పదునెట్టు, ఆడి నెల 18, ఏటికి కొత్తనీళ్లు వచ్చే పండగ. ఆడి నెల జూలై నడుమలో పుడతాది కాబట్టి 18 అనేది ఆగస్టు 2 గానీ 3 గానీ అయితాది. గుడి తెరిచినాక మూడు నాలుగు వారాలు. నిండు నెలలు అన్నదానికి సరిగ్గా సరిపోయింది.

ఒక్క సాక్ష్యంతో నమ్మేయకూడదని ఇంకొకటి చూసినాము. మా అమ్మ పుట్టిన సంవత్సరం పేరు ప్రమాది అని అవ్వ చెప్పేది. అరవై సంవత్సరాల వరసలో ప్రభవ మొదటిది. 1927 ఉగాదికి ప్రభవ వచ్చింది. అక్కడినుంచి వేళ్లు మడిచి లెక్క పెట్టితే పదమూడోది ప్రమాది, అది 1939లో వస్తాది. మళ్లీ అదే పేరు రావాలంటే అరవై ఏండ్లు, 1999. అప్పటికి మా అమ్మ రిటైరే అయిపోయింది! కాబట్టి 1939 తప్ప వేరే ఏడాది కాదు. మా అమ్మ పుట్టింది ప్రమాది సంవత్సరం ఆడి 17.

ఇంగ్లీషు తేదీ ఆగస్టు 1నా, 2నా అని కొట్లాడుకోవలసిన పని లేదు. మన గోడమీద చించే కేలండరులో తమిళ తేదీ కూడా ఉంటాది గదా. ఆడి 17 అని ఉండే కాగితం వచ్చిన రోజే మా అమ్మ పుట్టినరోజు.

మీ ఇంట్లో పెద్దోళ్లకు తేదీ తెలియకపోతే "ఎప్పుడు పుట్టినావు" అని అడగకండి, తెలియదు అంటారు. "నువ్వు పుట్టినప్పుడు ఏం జరిగిందని మీ అమ్మ చెప్పేది" అని అడగండి. పండగ, వాన, కరువు, తమ్ముడు ఎన్నేండ్లు చిన్న, ఇట్లాంటి మాట ఏదో ఒకటి దొరుకుతాది. రెండు మాటలు ఒకే ఏడాదిని చూపిస్తే నమ్మొచ్చు. ఒకటే చూపిస్తే ఇంకొకటి దొరికేదాకా వెతకండి.

ఇంక రెండో పని, మాటలు.

మొదట నేను కూడా మా అమ్మాయి మాదిరే రాసినాను. ఒక నోటు పుస్తకం తీసుకొని, "మా అమ్మ చాలా కష్టపడింది. మమ్మల్ని పెంచి పెద్ద చేసింది. ఎన్నో త్యాగాలు చేసింది" అని. రాసి చూసుకుంటే అబద్ధం ఒక్కటీ లేదు. అయినా మా అమ్మ అడిగిన మాట గుర్తొచ్చింది. పక్క లైను అవ్వ పేరు వేసి చదివినాను. సరిపోయింది. ఎదురింటి అక్క పేరు వేసినాను. అదీ సరిపోయింది. ఆ కాగితం చించేసినాను.

సరే, అమ్మనే అడుగుదామని కూచుంటిని. "అమ్మా, నీ కష్టం గురించి చెప్పు" అంటే, "ఏముండాది, అందరూ పడిందే" అనేసింది. ఇట్లా మూడు నాలుగు దినాలు అయింది. పెద్ద ప్రశ్న అడిగితే చిన్న జవాబే వస్తాదని అప్పుడు తెలిసింది. తర్వాత ప్రశ్న మార్చినాను. "రీలింగ్ లో నీ పక్కన ఎవురు నిలబడేది? టిఫిన్ లో ఏం తీసుకుపోతివి? సంగు ఊదినాక గేటు కాడికి ఎంతసేపు నడిచేది?" ఇట్లా చేతితో పట్టుకొనే మాటలు అడిగితే, మూత తీసిన కుండ మాదిరి ఆవిరి పైకి వచ్చింది. ఇంకొకటి కూడా కనిపెట్టినాను. ఎదురుగా కూచుని నోటు పుస్తకం పట్టుకుంటే మాట రాదు. చేతికి పని ఉన్నప్పుడు, చిక్కుడుకాయలు ఒలిచేటప్పుడో పూలు కట్టేటప్పుడో, మాట తనంతట తానే వస్తాది.

పూలు కట్టేటప్పుడే అసలు సంగతి దొరికింది.

మా అమ్మకు చూపు తగ్గినా వేళ్లతో తడుముకొని మల్లెపూలు కట్టుతాది. నేను చిన్నప్పటినుంచి చూస్తానే ఉండాను, కానీ ఆ రోజే గమనించినాను. ఏడు పూలు పక్కన పెట్టుకుంటాది, కట్టుతాది, వేలితో దారాన్ని ఒక లాగు లాగుతాది. మళ్లీ ఏడు. "ఎందుకమ్మా ఏడు?" అంటే, తనకే తెలియదు. "ఏడంటే ఏడే" అనింది. కొంచెం సేపటికి తానే నవ్వింది. "అయ్యో, చిట్టం లెక్కరా అది."

కొత్త పిల్లలకు ఈ లెక్క తెలియదు కాబట్టి చెప్తాను. మగ్గాలకు పోయే నూలును కోన్ మీద కాకుండా చిట్టంగా చుట్టి పంపేవాళ్లం. ఆంధ్రాలో చిలప అంటారు. రీలింగ్ చట్రం చుట్టుకొలత ఒకటిన్నర గజం. ఎనభై చుట్లు తిరిగితే 120 గజాలు, అది ఒక కట్టు. ఇట్లాంటివి ఏడు కట్లు పడితే 840 గజాలు, ఒక చిట్టం. నడుమలో నూలు తెగితే చట్రం ఆపి, కొస వెతికి, ముడి వేసి మళ్లీ వదలాల. చూడకుండా వదిలేస్తే చిట్టంలో నూలు తగ్గిపోతాది. కూలి చిట్టాల లెక్కకు కాబట్టి ఆపినకొద్దీ కూలి తగ్గుతాది. అందుకని కొందరు చూసీ చూడనట్టు వదిలేసేవాళ్లు. మా అమ్మ వదిలేది కాదు. ఎందుకని అడిగితే ఆమె చెప్పిన మాట ఇది: "తక్కువ చిట్టం పోతే యాడనో మగ్గం కాడ ఒకడు కూచుని నన్ను తిడతాడు గదా. ఆ తిట్టు నాకు ఇనపడదు, అయినా తగులుతాది."

ఈ మాట ఇంక ఏ అవ్వ ఫోటో కింద పెట్టినా సరిపోదు. మా అమ్మదే. ఇరవై ఎనిమిదేండ్ల పని, ఆమె గుణం, ఇప్పుడు కట్టే మల్లెపూలు, మూడూ ఒక్క ఏడు అంకెలో ఉండాయి. "చాలా నిజాయితీ గల మనిషి" అని నేను రాయనక్కర లేదు. ఏడు పూల సంగతి రాస్తే చదివినవాళ్లకే తెలుస్తాది.

ఇట్లా దొరికినవి అన్నీ చేర్చి మూడు పేజీలు రాసినాను. చాలా బాగా వచ్చిందని నాకే గర్వం. పెట్టేముందు అమ్మకు చదివి వినిపించాల గదా అని ఒక రాత్రి కూచుని చదివినాను. నడుమలో మా ఇంట్లో ఒక చెడ్డకాలం సంగతి ఉండింది. మా నాయనకు సంబంధించింది. ఆ కాలంలో మా అమ్మ ఎట్లా నిలబడిందో కండ్లకు కట్టినట్టు రాసినాను. అది ఏమిటో ఇక్కడ కూడా రాయను, ఎందుకో మీకే తెలుస్తాది.

చదవడం అయినాక మా అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. సంతోషంలో ఉండాదేమో అనుకున్నాను. అప్పుడు అనింది: "నా పుట్టినరోజుకు మీ నాయనను సందులో నిలబెడతావా? ఆయన లేడు. ఉండింటే తన మాట తాను చెప్పుకొనుండు."

నాకు చెంపదెబ్బ మాదిరి తగిలింది. అమ్మను పొగిడే తొందరలో ఇంకొక మనిషిని కిందికి తోసినాను. రాసేటప్పుడు అది తెలియలేదు. బిగ్గరగా చదివి ఆమె ముఖం చూసినాకనే తెలిసింది. ఆ పేజీ ఆమె ముందరే చించేసినాను. అప్పుడు మా అమ్మ, "మీ నాయన గురించి రాయాలంటే ఇది రాయి" అని ఒక సంగతి చెప్పింది. ఆ కాలంలో ఆడోళ్లకు రాత్రి షిఫ్టు లేదు, పగటి షిఫ్టే. ఐప్పశి, కార్తీక నెలల్లో సంగు ఊదే వేళకు సరిగ్గా వాన పట్టుకొనేది. మా నాయన గోనెసంచి ఒక మూల లోపలికి మడిచి టోపీ మాదిరి తలమీద వేసుకొని, ఇంకొక సంచి అట్లనే మడిచి చేతిలో పట్టుకొని గేటు కాడ నిలబడేవాడట. తోటి ఆడోళ్లు నవ్వేవాళ్లట. ఒక్క మాట కూడా మాట్లాడకుండా సంచి చేతికి ఇచ్చి ముందు నడిచేవాడట. అరవై ఏండ్లకు పైగా బతికిన నాకు ఈ సంగతి తెలియదు! చెడ్డకాలం ఒకటే జ్ఞాపకం పెట్టుకున్నాను.

ఇంక నాకు మిగిలింది ఒకటే. అది రాయాలా వద్దా అని చాలా దినాలు కొట్టుకులాడినాను.

పైన చెప్పితిని గదా, మిల్లు కాగితంలో 1937 అని పడిందని. దాని వల్ల నష్టం కేలండరు నష్టం కాదు. 58 నిండినాయని మా అమ్మను 1995లో ఇంటికి పంపినారు. నిజానికి ఆమెకు అప్పుడు 56. రెండేండ్ల జీతం పోయింది, దానితో పాటు రావలసిన లెక్కలు కూడా తగ్గినాయి. అప్పుడు మా అమ్మ నన్ను అడిగింది, "నాయనా, వయసు తప్పని ఒక అర్జీ రాసి ఇయ్యిరా. మా అమ్మ చెప్పిన గుడి మాట ఉండాది గదా" అని. నేను కూడా అదే మిల్లులో ఉండాను. నాకు ముప్పైఅయిదు ఏండ్లు, ఇద్దరు ఆడబిడ్డలు. అర్జీలో నా చేతిరాత చూస్తే నా పని మీదికి వస్తాదేమోనని భయం. "ఇప్పుడు రాసినా ఏమీ జరగదులేమ్మా" అని చెప్పేసినాను. ఆమె ఇంక అడగలేదు. ఈ సంగతి ఇన్నేండ్లుగా మా ఇద్దరి నడుమనే ఉండింది.

రాసి, భయం భయంగా చదివి వినిపించినాను. ఇది కూడా తీసెయ్ అంటుందేమో అనుకున్నాను. "అది నీ సంగతి. నీ తప్పు నువ్వు చెప్పుకుంటావంటే నేను ఎందుకు వద్దంటాను" అనింది. అప్పుడు నాకు ఒక తేడా అర్థమయింది. మన తప్పు మనం చెప్పుకోవచ్చు. ఇంకొకరి తప్పు, వాళ్లు లేనప్పుడు, పండగ రోజు మనం చెప్పకూడదు.

మూడు పేజీలు తగ్గి తగ్గి చివరికి ఇంత అయింది. ఆడి 17 నాడు పెట్టింది ఇదే:

"ఈరోజు ఆడి 17. మా అమ్మకు 85 నిండినాయి.

మా అమ్మ మల్లెపూలు ఏడేడుగా కట్టుతాది. రీలింగ్ లో ఇరవై ఎనిమిదేండ్లు చిట్టానికి ఏడు కట్లు లెక్క పెట్టిన వేళ్లు అవి. నూలు తెగితే చట్రం ఆపి ముడి వేసేది. కూలి తగ్గినా సరే. తక్కువ చిట్టం పోతే మగ్గం కాడ ఎవురో తిడతాడు, ఆ తిట్టు ఇనపడకపోయినా తగులుతాది అనేది.

వాన రోజుల్లో మా నాయన గోనెసంచి మడిచి పట్టుకొని గేటు కాడ ఆమె కోసం నిలబడేవాడు. ఇది నాకు ఈ ఏడాదే తెలిసింది.

అమ్మా, 1995లో నువ్వు నన్ను ఒక అర్జీ రాసి ఇయ్యమంటివి. నా పని పోతాదని భయపడి నేను రాయలేదు. ఈరోజు రాస్తా ఉండాను. మా అమ్మ పుట్టింది 1937లో కాదు. మీనాక్షమ్మ గుడి అందరికీ తెరిచిన ప్రమాది సంవత్సరం, 1939, ఆడి 17."

అంతే. దేవత అనే మాట లేదు. ప్రేమ అనే మాట కూడా లేదు. మా అమ్మాయి చదివి, "నాయనా, చివర్లో హ్యాపీ బర్త్ డే అని పెట్టలేదే" అనింది. "నువ్వు పెట్టుకో" అంటిని. పెట్టుకునింది.

పెట్టేటప్పుడు ఎదురైన చిక్కులు కొన్ని చెప్తాను. ఒకటి, వాట్సాప్ లో పొడుగ్గా రాస్తే కొంచెమే కనబడి, కింద Read more అని వస్తాది. చాలామంది అది నొక్కరు. అందుకే తేదీ, మల్లెపూలు ముందు పెట్టినాము. రెండు, మన పిల్లలకు తెలుగు మాట వస్తాది, అక్షరం రాదు. ఇస్కూల్లో తమిళం, ఇంగ్లీషు. నేను తెలుగులో రాస్తే నా మనవళ్లే చదవలేకపోయినారు. అందుకని మా అమ్మాయి అదే తెలుగు మాటల్ని తమిళ అక్షరాల్లో కింద రాసింది. దానితో పాటు నేను బిగ్గరగా చదివి గొంతు రికార్డు చేసి పంపినాము. మదురైలో ఉండే మా చుట్టాలు ఎక్కువమంది విన్నది గొంతే. మూడు, ఆధార్ కార్డు ఫోటో, ఇంటి నంబరు, పెన్షన్ సంగతి ఇట్లాంటివి అందులో పెట్టకూడదు. పెద్దోళ్లకు ఫోను చేసి బ్యాంకు మనిషి మాదిరి మాట్లాడి మోసం చేసేవాళ్లకు అవే కావాల. మా అమ్మ కాగితాల్లో ఉండే తేదీ వేరే కాబట్టి, స్టేటస్ లో ఉండే తేదీతో ఎవురూ ఏమీ చేయలేరని మా అమ్మాయి నవ్వింది. మిల్లు డాక్టరు చేసిన మేలు అదొక్కటే!

నాలుగోది ముఖ్యం. స్టేటస్ 24 గంటలే ఉంటాది, తర్వాత పోతాది. అందుకని అదే మాటల్ని ఒక మంచి కాగితం మీద నా చేత్తో రాసి అమ్మకు ఇచ్చినాను.

ఆ సాయంత్రం మూడో లైను నుంచి ఒక అక్క వచ్చింది. ఆమె తల్లి మా అమ్మతో పాటు రీలింగ్ లో నిలబడిన మనిషి, ఇప్పుడు లేదు. మా స్టేటస్ విని వచ్చింది. "అవ్వా, మా అమ్మ ఏం తెచ్చుకొనేది టిఫిన్ లో?" అని అడిగింది. మా అమ్మ తడుముకోకుండా, "సద్ది, వేయించిన ఎండుమిరపకాయ. నాకు సగం ఇచ్చేది" అనింది. ఆ అక్క తన ఫోను తీసి అక్కడే కూచుని రాసుకునింది. వాళ్ల అమ్మ పుట్టినరోజు పురటాసిలో వస్తాదట.

నేను ఇచ్చిన కాగితాన్ని మా అమ్మ మడిచి రేషన్ కార్డు కవరులో పెట్టుకునింది. చదవలేదు గదా అమ్మా, ఎందుకు అంటే, "అర్జీ గదరా. భద్రంగా ఉండాల" అనింది.